ఒక పెట్టె, ఒక నెల: విరాళాల క్యారసెల్‌లో చివరి స్లైడు ఏమి అడగాలి?

మాధవి (ప్రశ్న): వినికిడి యంత్రాలు వాడే బడిపిల్లలకు బ్యాటరీలు సమకూర్చే చిన్న సంస్థలో నేను స్వచ్ఛందంగా రాతపని చేస్తున్నాను. ఇన్‌స్టాగ్రామ్ కోసం ఏడు స్లైడ్ల క్యారసెల్ రాశాను. చివరి స్లైడులో "ఒక పెట్టె బ్యాటరీలు, ఒక పాపకు ఒక నెల" అని అడగాలన్నది నా ఆలోచన. మా కార్యదర్శిగారు మాత్రం "మీకు తోచినంత సాయం చేయండి" అనడమే మర్యాద అంటున్నారు. ఏది సరైనది?

భాస్కర్: చివరి స్లైడు దాకా వచ్చేవారే తక్కువ. అడిగేదేదో మొదటి స్లైడులోనే అడిగేయండి. ఏడో స్లైడు గురించి వాదించుకోవడం అనవసరం.

రఫీ: రీచార్జ్ చేసుకునే యంత్రాలు వచ్చేశాయి కదా? ఒక్కసారి అవి కొనిస్తే ప్రతినెలా బ్యాటరీల కోసం చేయి చాచే పని ఉండదు.

మాధవి: రఫీ గారూ, ఏ యంత్రం ఇవ్వాలన్నది మా చేతిలో లేదు. పిల్లల దగ్గర ఇప్పటికే ఉన్నవాటికి బ్యాటరీలు అందించడమే మా పని. నా సందేహం రాత గురించి.

సులోచన: నేను ఇలాంటి ప్రచారాలకు చాలా ఏళ్లుగా రాస్తున్నాను. మీ ఆలోచనే సరైనదని నాకనిపిస్తోంది, అయితే లెక్క నిలబడాలి. 13 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ, రోజంతా యంత్రం పెట్టుకునే పిల్లకు, సుమారు పది రోజులు వస్తుంది. రెండు చెవులకూ యంత్రాలుంటే నెలకు ఆరు బ్యాటరీలు కావాలి, సాధారణంగా ఒక అట్టమీద, అంటే మీరు పెట్టె అంటున్నదానిలో, వచ్చేవీ ఆరే. మీ అభ్యర్థనకు బలం ఇక్కడే ఉంది. దాత ఇచ్చేది, దుకాణంలో దొరికేది, పాపకు అవసరమైనది మూడూ ఒకే కొలతలో కుదిరాయి. ఇంత చక్కగా కుదరడం అరుదు. "తోచినంత" అంటే ఎంత ఇస్తే బాగుంటుందో తేల్చుకునే భారం దాతమీద పడుతుంది, తేల్చుకోలేనివాడు తరువాత చూద్దామని ముందుకు వెళ్లిపోతాడు.

భాస్కర్ గారి మాటలో సగం నిజం ఉంది. చాలామంది చివరిదాకా రారు. కాని మొదటి స్లైడులోనే డబ్బు అడిగితే రెండో స్లైడుకు వచ్చేవారు కూడా తగ్గుతారు. దీనికి క్యాప్షన్ ఉంది. "ఒక పెట్టె బ్యాటరీలతో ఒక పాప ఒక నెల వింటుంది" అన్న మాటను క్యాప్షన్ మొదటి వాక్యంగా పెడితే, ఎవరు ఏ స్లైడు దగ్గర ఆగినా అది కిందనే కనబడుతుంది. ఇంకొకటి గమనించండి. మొదటి స్లైడు చూసి దాటిపోయినవారికి ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్టును కొన్నిసార్లు రెండో స్లైడుతో మళ్లీ చూపిస్తుంది. కనుక రెండో స్లైడు మొదటిదాని తోక కాకూడదు, విడిగా చదివినా అర్థం కావాలి. మీ ఏడు స్లైడ్లలో ఏమేమి ఉన్నాయో రాస్తారా?

మాధవి: మొదటిది "వినికిడి లోపమున్న చిన్నారులకు చేయూతనిద్దాం". రెండోది ప్రపంచంలో 3.4 కోట్ల మంది పిల్లలకు వినికిడి చికిత్స, సహాయం అవసరమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకె. మూడు, నాలుగు మా సంస్థ చరిత్ర. ఐదు, ఆరు ఒక పాప కథ. ఏడోది అభ్యర్థన.

సులోచన: కథ ఐదో స్లైడులో మొదలవుతోంది, అప్పటికి చదివేవారు వెళ్లిపోయి ఉంటారు. సంస్థ చరిత్రను ప్రొఫైల్‌కు పంపించి, ఐదు స్లైడ్లతో సరిపెట్టండి. నేనైతే ఇలా రాస్తాను:

1. బ్యాటరీ ఆగిపోయింది. టీచరు పెదవులు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు.
2. ఈ పాపకు తొమ్మిదేళ్లు. రెండు చెవులకూ వినికిడి యంత్రాలున్నాయి. ఒక్కో బ్యాటరీ పది రోజులు పనిచేస్తుంది.
3. కొత్త బ్యాటరీకి అంటించిన స్టిక్కరు తీసి, గాలి తగిలేలా ఒక నిమిషం ఆగి, తనే యంత్రంలో పెట్టుకుంటుంది. ఈ నెల పెట్టెలో ఇంకొక్కటే మిగిలింది.
4. అదీ అయిపోతే పెదవులు చూడటానికి ముందు బెంచీకి మారుతుంది. టీచరు బోర్డువైపు తిరిగితే పాఠం ఆగిపోయినట్లే.
5. ఒక పెట్టె, ఒక పాపకు ఒక నెల. (పెట్టె ఫోటో, రవాణాతో కలిపి ధర.) ప్రొఫైల్‌లోని లింకు తెరవండి.

క్యాప్షన్‌లో పెట్టే లింకు నొక్కితే తెరుచుకోదు, అందుకే దారి స్లైడులోనే చెప్పాలి. ఆ లింకు తెరిస్తే అదే పెట్టె, అదే మొత్తం ముందే నింపి కనబడాలి. అక్కడ ఖాళీ గడి ఎదురైతే కార్యదర్శిగారి "తోచినంత" మళ్లీ వెనక తలుపులోంచి వచ్చినట్లే. మూడో స్లైడులోని స్టిక్కరు మాత్రం తీసేయవద్దని నా మనవి. ఆ పాప తన పని తాను చేసుకుంటున్నట్లు కనబడేది అక్కడే.

భాస్కర్: ప్రపంచవ్యాప్త అంకెను పూర్తిగా తీసేయడం నాకు నచ్చలేదు. సమస్య ఎంత పెద్దదో తెలిస్తేనే కదా జనం కదిలేది?

సులోచన: 2007లో స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ అనే పరిశోధకులు అచ్చువేసిన ప్రయోగం దీనికి విరుద్ధంగా చెప్పింది. చేతికి 5 డాలర్లిచ్చి అడిగితే, ఒక్క పాప గురించి చదివినవారు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు, గణాంకాలు చదివినవారు 1.14 ఇచ్చారు, రెండూ కలిపి చదివినవారు 1.43 దగ్గరే ఆగారు. అంటే అంకె కథకు బలం చేర్చకపోగా దాన్ని వెనక్కి లాగింది. అయితే 2023లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినవారికి ఆ తేడా కనబడలేదు కనుక దీన్ని నేను శాసనంగా చెప్పడం లేదు. మాధవి గారి పోస్టులో 3.4 కోట్లు ఎలాగూ అనవసరం, ఒక పెట్టె ఆ అంకెలో ఎక్కడా ఆనదు. మీ బడుల్లో ఎందరు పిల్లలున్నారో అది చెప్పండి.

మాధవి: 140 మంది. బడి పది నెలలు నడుస్తుంది.

సులోచన: అయితే 1,400 పెట్టెలు. "1,400లో ఒకటి మీది" అనవచ్చు, అది చేరుకోగల అంకెలా వినిపిస్తుంది.

వెంకటరమణ: నేను జమాఖర్చుల మనిషిని, నా అనుభవం చెబుతాను. మేము ఒకసారి "ఒక సంచి, ఒక విద్యార్థి" అని అడిగాం. సంచులు 200 అవసరమైతే, 340 సంచులకు సరిపడా డబ్బు వచ్చింది. సంచులకని ఇచ్చిన డబ్బును మరోదానికి వాడే హక్కు మాకు లేదు, పైగా డ్రైవరుకు జీతమివ్వడానికి అదే నెలలో పైకం లేదు. మిగిలినదానికి దాతలందరినీ మళ్లీ అనుమతి అడగాల్సివచ్చింది. కార్యదర్శిగారి భయం ఇదే కావచ్చు. 1,400 పెట్టెలు దాటితే ఏమి చేస్తారో అదే పోస్టులో రాయండి.

సులోచన: రమణ గారూ, ఆ మాట నేను మొదటే చెప్పవలసింది. "పెట్టెలు పూర్తయ్యాక వచ్చే మొత్తాన్ని ఇదే పిల్లల ఇయర్ మోల్డులకు వాడతాం" అని క్యాప్షన్‌లో ఒక వాక్యం చాలు. చెవిలో అమరే ఆ అచ్చులు పిల్లలు ఎదిగేకొద్దీ వదులై, మార్చవలసి వస్తుంది, అదీ నిజమైన ఖర్చే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 2009లో, పేదలకు చిన్న అప్పులిప్పించే కివా సైటుమీద వచ్చిన విమర్శ గుర్తుందా? ఫోటోలోని మనిషికే మన అప్పు వెళుతుందని జనం నమ్మారు, చాలా సందర్భాల్లో ఆ అప్పు అప్పటికే ఇచ్చేసి ఉంది. మీరు పెట్టెలు టోకున కొంటారు కనుక "ఈ పాపకు" అనకుండా "ఒక పాపకు" అనండి.

మాధవి: మా పిల్లల్లో కొందరు 675 సైజు వాడతారు. అవి ఎక్కువ రోజులు వస్తాయి. అప్పుడు "ఒక నెల" అబద్ధమవుతుందా?

సులోచన: వారికి పెట్టె నెల దాటి వస్తుంది కనుక దాత మోసపోయినట్లు కాదు, కాని మీకు 1,400 పెట్టెలు అక్కరలేదు. ముందు సైజులవారీగా పిల్లలను లెక్కపెట్టి ఆ అంకె దిద్దండి.

భాస్కర్: పాప ముఖం చూపిస్తారా? ముఖం లేని పోస్టు ఎవరూ ఆగి చూడరని నా అభిప్రాయం.

మాధవి: తల్లి ఒప్పుకున్నారు. పాపను అడిగితే యంత్రం కనబడకుండా తీయమంది. యంత్రం కనబడకపోతే పోస్టుకు అర్థమే లేదని కార్యదర్శిగారు అంటున్నారు.

సులోచన: పాప మాటే వినండి. మొదటి స్లైడుకు అరచేతిలోని బ్యాటరీ ఫోటో సరిపోతుంది.

భాస్కర్: నాకు ఇంకా సందేహమే. రెండు రకాలుగానూ పెట్టి చూసి, ఏ పోస్టునుంచి ఎన్ని పెట్టెలు వచ్చాయో ఇక్కడ చెప్పండి.