అప్‌లోడ్ 0.8 ఎంబీపీఎస్ మాత్రమే: మీటింగ్‌లో గొంతు తెగకుండా ఏ సెట్టింగ్ పెట్టాలి?

నా నెట్‌లో డౌన్‌లోడ్ 20 ఎంబీపీఎస్ దాకా వస్తుంది, అప్‌లోడ్ మాత్రం 0.8 దాటదు. మీటింగ్‌లో నాకు అందరూ బాగానే కనిపిస్తారు. నేను మాట్లాడితేనే "బొమ్మ ఆగిపోయింది, మాట ముక్కలవుతోంది" అంటారు.

మొదట గ్యాలరీ వ్యూ తీసేసి స్పీకర్ వ్యూ పెట్టాను. ఏమీ మారలేదు. తర్వాత అర్థమైంది, అది నాకు వచ్చే వీడియోలనే తగ్గిస్తుంది, నేను పంపేదాన్ని కాదు. (రెండు వారాలు దాన్నే తిప్పుతూ కూర్చున్నాను!) హెచ్‌డీ ఆపేశాక స్టాటిస్టిక్స్‌లో నేను పంపే రిజల్యూషన్ 720పీ నుంచి 360పీకి దిగింది, గొంతు కుదుటపడింది. కానీ కెమెరా ఆన్‌లో ఉండగానే స్క్రీన్ షేర్ చేస్తే ప్యాకెట్ లాస్ పెరిగి మళ్లీ అదే గోల.

నా సందేహాలు రెండు. అవతలివాళ్లు నన్ను పిన్ చేసి పెద్దగా చూస్తే, యాప్ నా నుంచి ఎక్కువ రిజల్యూషన్ అడుగుతుందా? షేర్ చేసేటప్పుడు కెమెరా ఆపకుండా, షేరింగ్ ఫ్రేమ్ రేటు తగ్గిస్తే సరిపోతుందా? స్లైడ్లే చూపిస్తాను, వీడియోలు కాదు. ఇలాంటి నెట్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.