సెకండ్ హ్యాండ్ కారులో SOS బటన్: గుద్దుకుంటే కాల్ నిజంగా వెళ్తుందా?

బొబ్బిలి_వీణ: 2020 మోడల్ కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ముందు అద్దం దగ్గర SOS బటన్ ఉంది. ప్రమాదం జరిగితే దానంతట అదే కాల్ వెళ్తుందా? పనిచేస్తోందో లేదో తెలిసేదెలా?

వైరింగ్_బాబాయ్ (విజయనగరం): ముందు తాళం తిప్పి డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం చూడమ్మా. కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే SOS సంగతి పక్కన పెట్టి అది బాగు చేయించు. గుద్దుకున్నామని కాల్ చేసే పెట్టెకి సొంతంగా తెలియదు, ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ చెప్పాలి. చెప్పగానే అది తన లోపలి సిమ్‌తో కాల్ కలిపి, జీపీఎస్‌లో చివరగా దొరికిన చోటుని డేటాగా పంపుతుంది. మన దగ్గర ఆ కాల్ సాధారణంగా కంపెనీ కాల్ సెంటర్‌కి వెళ్తుంది, నేరుగా 108కి కాదు. వాళ్లు కారులో ఉన్నవాళ్లని పలకరిస్తారు. జవాబు రాకపోతే అంబులెన్సుకీ, రికార్డులో ఉన్న నంబర్లకీ చెబుతారు.

రణస్థలం_రాజు: అంతా బూటకం. మా బావ కారు హైవే మీద ఆగి ఉన్న లారీని రాసుకుంటూ పోయింది. ఎడమ పక్కంతా నుజ్జు. ఏ కాలూ రాలేదు. టీ కొట్టు వాళ్లే 108కి ఫోన్ చేశారు.

వైరింగ్_బాబాయ్: ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయా?

రణస్థలం_రాజు: లేదు. అదే కదా మోసం!

వైరింగ్_బాబాయ్: అవి తెరుచుకోకపోతే చాలా కార్లలో ఆటోమేటిక్ కాల్ కూడా వెళ్లదు బాబూ. పక్కగా రాసుకుంటే కారు ఎంత నలిగినా, కంట్రోలర్‌కి ఆ దెబ్బ చాలకపోవచ్చు. అలాంటప్పుడు బటన్ చేత్తో నొక్కాలి.

పలాస_టాక్సీ: మా బండికీ ఎర్ర బటన్ ఉంది, ఎఫ్‌సీకి వెళ్తే అడుగుతారు. అదే కదా ఇది?

వైరింగ్_బాబాయ్: కాదు తమ్ముడూ. అది ఏఐఎస్-140 ప్రకారం ప్రయాణికుల బండ్లకి పెట్టింది, ప్రయాణికుడు నొక్కడానికి. గుద్దుకుంటే పనిచేసేది కాదది.

సాలూరు_ఘాట్: టెన్షన్ ఎందుకు, జీపీఎస్ శాటిలైట్‌తో నడుస్తుంది. టవర్ లేకపోయినా లొకేషన్ వెళ్లిపోతుంది.

వైరింగ్_బాబాయ్: సగం నిజం. జీపీఎస్ వినడానికే, పంపడానికి కాదు. ఘాట్‌లో టవర్ అందని మలుపులో కారుకి తానెక్కడుందో తెలుస్తుంది, ఎవరికీ చెప్పలేదు. వీణా, నీ కారు సంగతి చెప్పు. SOS పక్కన చిన్న దీపం ఉందా? చాలా కార్లలో పచ్చ అయితే సరే, ఎరుపు అయితే లోపం. నీ మోడల్ రంగులు మాన్యువల్‌లో చూసుకో. తర్వాత కంపెనీ యాప్‌లో కారు ఉన్న చోటు, దాని కింద టైమ్ చూడు. యాప్ నుంచి తలుపు లాక్ పడితే సిమ్ బతికే ఉన్నట్టు.

బొబ్బిలి_వీణ: ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరిపోతోంది బాబాయ్. SOS దగ్గర మాత్రం అసలు దీపమే వెలగడం లేదు. యాప్‌లో కారు చేర్చబోతే వేరే ఖాతాకి కలిసి ఉందంటోంది.

వైరింగ్_బాబాయ్: అనుకున్నాను. పాత ఓనరు ఖాతా తీయలేదు. ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి చందా ఎప్పటి వరకు ఉందో, ప్రమాదం జరిగితే పిలిచే నంబర్లు ఎవరివో అడుగు. అన్నీ నీ పేరు మీదికి మారాక, టెస్ట్ అని వాళ్లకి ముందే చెప్పి SOS నొక్కు. కారు ఎక్కడుందో వాళ్లనే చదివి చెప్పమను. 112కి మాత్రం టెస్ట్ కాల్ చేయకు.

బొబ్బిలి_వీణ: అడిగాను. చందా ఎప్పుడో అయిపోయిందట. నంబర్లు విశాఖలో ఉన్న పాత ఓనరు వాళ్లవి! చందా ఉండి ఉంటే, నేను గుద్దుకున్నా వాళ్లకే చెప్పేవారన్నమాట. అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

రణస్థలం_రాజు: చూశారా? బటన్ ఉంచి, డబ్బు కట్టలేదని ప్రాణం వదిలేస్తారు. బాబాయ్ కంపెనీల తరఫున మాట్లాడుతున్నాడు.

వైరింగ్_బాబాయ్: నేనెవరి తరఫునా కాదు. పనిచేసే తీరు చెప్పాను. నీకు అక్కర్లేకపోతే చదవకు.

శ్రీకాకుళం_మాస్టారు: రాజు కోపంలో ఒక న్యాయం ఉంది. యూరప్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడల్ కార్లకి ఈ-కాల్ తప్పనిసరి. కాల్ 112కి వెళ్తుంది, చందా లేదు. ఇక్కడ మామూలు కార్లకి అలాంటి నిబంధన లేదు. అసలు తగువు ఇదే కదా?

వైరింగ్_బాబాయ్: ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ నిబంధన వచ్చేదాకా ఆవిడ చందా కట్టుకోవాలా, వద్దా?

రణస్థలం_రాజు: వద్దంటాను. నేను కట్టను. మా బావ కట్టాడు, ఏమొచ్చింది?

పలాస_టాక్సీ: ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదని ఇందాకే చెప్పారుగా అన్నయ్యా.

బొబ్బిలి_వీణ: నేను కడతాను. పాత ఓనరుకి మెసేజ్ పెట్టాను, ఖాతా తీసేయమని. ఇంకా జవాబు లేదు. ఆర్‌సీ చూపిస్తే కంపెనీయే మారుస్తుందా, ఎవరైనా చేయించుకున్నారా?