మినిట్స్‌లో "తగు చర్యలు తీసుకోవాలి" అని రాస్తే ఆ చర్య ఎవరిది?

ప్రశ్న: ప్రాథమికోన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు

మా పాఠశాల యాజమాన్య కమిటీకి కన్వీనర్‌గా నెలవారీ సమావేశం మినిట్స్ నేనే రాస్తున్నాను. జూన్ సమావేశంలో తాగునీటి కుళాయిల విషయం వచ్చింది. ఎనిమిది కుళాయిల్లో మూడింటికి నీరు రావడం లేదు. పుస్తకంలో నేను రాసిన వాక్యాలు ఇవి: "పిల్లల తాగునీటి సమస్యపై చర్చించడమైనది. తగు చర్యలు తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఆగస్టు వచ్చినా ఆ మూడు కుళాయిలు అలాగే ఉన్నాయి. ప్లంబర్‌ను కన్వీనర్‌గా నేనే పిలుస్తానని చైర్‌పర్సన్ గారు అనుకున్నారు. ప్లంబింగ్ పని తెలిసిన ఒక తండ్రి తాను చూస్తానన్నారు కదా అని నేను ఊరుకున్నాను. సామాను పాఠశాల కొని ఇస్తుందని ఆయన ఎదురుచూశారు. ఎవరిదీ తప్పనలేను, కానీ పని మాత్రం జరగలేదు. వచ్చే వారం సమావేశం ఉంది. ఈసారి ఎలా రాయమంటారు?

సహోపాధ్యాయుడు

మేడమ్, ఎవరు ఏమన్నారో మాటమాటా రాసిపెట్టండి. ఆ తండ్రి "నేను చూస్తాను" అన్న మాట పుస్తకంలో ఉండి ఉంటే రేపు కాదనడానికి వీలుండేది కాదు. మా పాఠశాలలో అలాగే రాస్తాం, ఒక్కో సమావేశానికి నాలుగైదు పేజీలు అవుతాయి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

ఆయన చెప్పినదాంట్లో సగం సరైనదే. పేరు పుస్తకంలో ఉండి తీరాలి. అయితే నాలుగైదు పేజీల సంభాషణలో ఆ పేరు ఎక్కడుందో వచ్చే నెల ఎవరూ వెతకరు. పైగా "చూస్తాను" అన్న మాటను యథాతథంగా రాసినా ఏం చూస్తారో, ఎప్పటిలోగా చూస్తారో తేలదు. చర్చలో రాయదగినది నిర్ణయానికి కారణమైన ఒకటి రెండు వాక్యాలే. కొత్త ఫిల్టర్ కొందామని ఒకరు అంటే, ముందు కుళాయిలే బాగుచేద్దామని మిగిలినవారు అన్నారనుకోండి, ఆ ఒక్క వాక్యం చాలు.

మీ జూన్ వాక్యంలో అసలు లోపం వేరే ఉంది. సామాను కొనడం, బిగించడం రెండు పనులు. మొదటిది కాకుండా రెండోది మొదలుకాదు. రెండింటినీ "తగు చర్యలు" అనే ఒకే మూటలో కట్టేసరికి ఇద్దరూ ఎదుటివారి కోసం ఆగారు. పని ఎన్ని చేతులు మారుతుందో దాన్ని అన్ని వరుసలుగా విడగొట్టి, ప్రతి వరుసకు ఒక్క మనిషి పేరు, ఒక్క తేదీ రాయండి. ఇద్దరి పేర్లు రాస్తే బాధ్యత మళ్లీ గాలిలోకే పోతుంది. "కమిటీ సభ్యులు" అని రాస్తే ఇక చెప్పనక్కరలేదు. నేనైతే ఇలా రాస్తాను:

"అంశం 2: తాగునీటి కుళాయిలు. ఎనిమిదింటిలో మూడింటికి నీరు రావడం లేదని కన్వీనర్ తెలిపారు.
నిర్ణయం: మూడు కుళాయిలను మార్చాలి. ఖర్చు రూ.1,500 మించకుండా పాఠశాల గ్రాంటు నుంచి భరించాలి.
సామాను కొనుగోలు, బిల్లు: కన్వీనర్, ఆగస్టు 18లోగా.
బిగింపు: (తండ్రి పేరు), 6వ తరగతి విద్యార్థిని తండ్రి, ఆగస్టు 23లోగా.
నీరు వస్తోందో లేదో చూసి వచ్చే సమావేశంలో చెప్పవలసినవారు: వైస్ చైర్‌పర్సన్."

చివరి వరుసను చాలామంది వదిలేస్తారు. పని చేసినవారే పని అయిందని చెప్పుకోకుండా వేరొకరు కుళాయి తిప్పి చూడాలి. "మార్చాము" అన్న మాటకూ, నీళ్లు రావడానికీ మధ్య తేడా ఉంటుంది. ఖర్చు పరిమితిని సమావేశంలోనే అడిగి రాయండి. అది లేకపోతే ఎంతవరకు కొనవచ్చో తెలియక కన్వీనరే వెనకాడతారు.

కమిటీ సభ్యుడు, ఒక విద్యార్థి తండ్రి

నా అనుభవం దీనికి తిరగబడినది. నేను ఊళ్లో లేని రోజు సమావేశం పెట్టి, ప్రహరీ పక్కన ముళ్లకంపలు కొట్టించే బాధ్యత నాదని నా పేరు రాసేశారు. నాకు తెలిసింది వచ్చే నెలలో, అందరి ముందు "ఎందుకు చేయలేదు" అని అడిగినప్పుడు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

రానివారి పేరును బాధ్యత దగ్గర రాయకూడదు. హాజరైనవారిలో ఒకరి పేరు రాసి, "వారితో మాట్లాడి, ఒప్పుకొన్నదీ లేనిదీ ఫలానా తేదీలోగా కన్వీనర్‌కు తెలపాలి" అని రాయాలి. ఆ మాట్లాడే పని కూడా పనే, దానికీ ఒక మనిషి ఉండాలి. హాజరైనవారి విషయంలో కూడా పేరు రాసేముందు "మీరు చేస్తారా, ఏ తేదీకి?" అని అడిగి వారి నోటితోనే చెప్పించుకోవడం మంచిది.

మరొక ప్రధానోపాధ్యాయుడు

మాకు ఆడిట్‌లో తీర్మానం తేదీ కంటే బిల్లు తేదీ ముందుందని అభ్యంతరం రాశారు. అంటే తీర్మానం తేదీ కాస్త ముందుకు జరిపి రాసుకుంటే సరిపోతుందా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

సరిపోదు, చేయకండి. ఇక్కడి ప్రశ్న కూడా అది కాదు, అయినా ఒక్క మాట చెబుతాను. అత్యవసరంగా ముందే ఖర్చు పెట్టి ఉంటే తరువాతి సమావేశంలో కారణం, బిల్లు తేదీ, మొత్తం ఉన్నవి ఉన్నట్టు చెప్పి ఆమోదం కోరాలి. కమిటీ ఒప్పుకొంటే ఆ రోజు తేదీతోనే రాయాలి. ఆడిట్‌వారు దాన్ని అంగీకరిస్తారా అన్నది ఆ ఖర్చు స్వభావాన్ని బట్టి ఉంటుంది.

ప్రశ్న అడిగిన ప్రధానోపాధ్యాయురాలు

ఇంకో రెండు సందేహాలు. జూన్ పేజీలో తీర్మానం కింద కొద్దిగా ఖాళీ ఉంది, అక్కడ పేర్లు చేర్చవచ్చునా? మా సభ్యుల్లో కూలికి వెళ్లేవారు ఎక్కువ. తొందరగా వెళ్లాలని రాగానే సంతకాలు పెట్టేస్తారు, నేను సాయంత్రం కూర్చుని పైన రాస్తాను. ఇది తప్పని తెలుసు, కానీ వేరే దారి కనిపించడం లేదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

జూన్ పేజీ ముట్టుకోవద్దు. ఆగస్టు అజెండాలో మొదటి అంశంగా "గత నిర్ణయాల అమలు" పెట్టి, జూన్ తీర్మానంలో బాధ్యులను పేర్కొననందున పని జరగలేదని నిజాయితీగా రాసి, ఆ అంశాన్ని పైన చెప్పినట్టు కొత్తగా తీర్మానించండి. సెప్టెంబరులో ప్రతి వరుస ఎదురుగా "పూర్తి" అనో, "కాలేదు, కారణం ఇది, కొత్త తేదీ ఇది" అనో రాయండి. ఒకే పని మూడు నెలలు కొత్త తేదీలతో నడిస్తే లోపం మనిషిలో కాక నిర్ణయంలో ఉందేమో చూడాలి. చాలాసార్లు డబ్బో, అనుమతో లేని పనిని ఎవరి మెడకో తగిలించి ఉంటాం.

సంతకాలకు నేను చేసిన ఏర్పాటు ఇది. రాగానే పెట్టే సంతకం వేరే పేజీలో, "హాజరు" అన్న శీర్షిక కింద మాత్రమే ఉండాలి. నిర్ణయం వరుసలను సమావేశం చివరిదాకా ఆపకుండా ఒక్కో అంశం ముగియగానే అక్కడే రాసి చదివి వినిపించాలి. మూడు అంశాలైతే అదనంగా పట్టేది పది నిమిషాలే. చివరి వరుస కింద అడ్డగీత గీసి, దాని కిందే సంతకాలు తీసుకోవాలి. మధ్యలో వెళ్లేవారు ఎన్నో అంశం వరకు ఉన్నారో రాసుకోండి. వేలిముద్ర వేసేవారికి చదివి వినిపించినట్టు ఒక వాక్యం చేర్చండి. కొట్టివేత వస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన పొడి సంతకం చేయాలి, వైట్నర్ పూయకూడదు. "ఏకగ్రీవంగా" అన్న మాటను అలవాటుగా రాయకండి. ఒక్కరు వద్దన్నా ఆ మాట అబద్ధమవుతుంది.

సహోపాధ్యాయుడు

వివరాలు రాసిన పేజీని నోటీసు బోర్డులో పెట్టాలంటారా? మా సభ్యులు కొందరు పేరు బయట కనిపిస్తే బాధ్యత తీసుకోబోమంటున్నారు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

2010 నాటి కేంద్ర విద్యాహక్కు నియమాల్లో కమిటీ నెలకొకసారైనా సమావేశం కావాలనీ, మినిట్స్‌నూ నిర్ణయాలనూ సక్రమంగా నమోదుచేసి ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ ఉంది. మీ రాష్ట్ర నియమాలను కూడా చూసుకోండి. కాబట్టి దాచడం కుదరదు. బోర్డులో పేరు బదులు "తల్లిదండ్రుల ప్రతినిధి, 6వ తరగతి" అని పెట్టి, పుస్తకంలో పేరు ఉంచితే చాలని నా అభిప్రాయం.

కమిటీ సభ్యుడు, ఒక విద్యార్థి తండ్రి

నేను ఒప్పుకోను. ముందు నన్ను అడిగి రాస్తే నా పేరు బోర్డులో ఉన్నా నాకు అభ్యంతరం లేదు. అడగకుండా రాస్తే పుస్తకంలో ఉన్నా అభ్యంతరమే.

ప్రశ్న అడిగిన ప్రధానోపాధ్యాయురాలు

బోర్డు సంగతిని ఈసారి అజెండాలోనే పెట్టి సభ్యులనే అడుగుతాను. కుళాయిలు మొదటి అంశం.