గల్లా రోజూ సరిపోతున్నది, సరుకు మాత్రం తక్కువొస్తున్నది. ఎక్కడ పోతున్నది?

మిర్యాలగూడ మెడికల్స్:
అన్నలూ, పొద్దున 9 నుంచి కూసున్నా, తల తిరుగుతున్నది. మాది చిన్న మెడికల్ షాపు. రాత్రి మూసేటప్పుడు గల్లా లెక్కిస్తే కంప్యూటర్ చూపించినంత పైసలు పక్కాగా ఉంటయ్. పది రూపాయలు అటు ఇటు, అంతే. కానీ మూడు నెలల తర్వాత స్టాక్ లెక్క పెడితే కొన్న రేటు మీద 52,000 దాకా తక్కువొచ్చింది. పైసలు సరిపోయినప్పుడు సరుకెట్ల పోతది? సాఫ్ట్‌వేర్ తప్పా? వాళ్ళకు ఫోన్ చేస్తే అంతా కరెక్ట్ ఉందంటున్నరు. ఎవరికన్న తెలిస్తే చెప్పండి, పరేషాన్ అయితున్నది.

తెనాలి ఏజెన్సీస్:
స్కీమ్ సరుకు చూసుకోండి. పదికి ఒకటి ఫ్రీ వస్తుంది కదా, దాన్ని ఎంట్రీ చెయ్యకపోతే స్టాక్ తేడా వస్తుంది. నూటికి తొంభై షాపుల్లో ఇదే గొడవ.

రిటైర్డ్ అకౌంటెంట్:
ఫ్రీ వచ్చింది ఎంట్రీ చెయ్యకపోతే అరలో సరుకు ఎక్కువ కనపడాలండి, తక్కువ కాదు. ఎంట్రీ చేసి, డిస్ట్రిబ్యూటర్ కుర్రాడు ఆ ఒక్కటీ దించకుండా వెళ్ళిపోతే అప్పుడు తక్కువ వస్తుంది. అలాగే గడువు తీరిన మందులు కంపెనీకి తిప్పి పంపి కంప్యూటర్‌లో రాయకపోయినా తక్కువే వస్తుంది. ఆ రెండూ ముందు చూసి పక్కన పెట్టండి.

షాపు ఆయనకి నా ప్రశ్నలు. బిల్లు కొట్టేదెవరు, రాత్రి గల్లా లెక్కించేదెవరు, వాపసు ఎంట్రీ వేసేదెవరు? మీరు షాపులో లేని వేళ ఏది?

కిరాణా బ్రదర్:
కెమెరా పెట్టండి అన్నా. కౌంటర్ మీదికి ఒకటి, గల్లా పైన నిలువుగా ఇంకోటి. గల్లా పైన ఉన్నది నోట్ల రంగు కనపడేంత దగ్గరుండాలి. చాలామంది తలుపు వైపు పెట్టి దొంగ మొహం పడుతుందనుకుంటారు. మన దొంగ లోపలే ఉంటే తలుపు కెమెరా దేనికి పనికొస్తుంది? నేను నాలుగు పెట్టించా, రికార్డింగ్ 15 రోజులు ఉంచుతా. మాటలు కూడా వినపడేది తీసుకోండి.

బోధన్ నుంచి:
వాపసుల రిపోర్ట్ తియ్యి. టైమ్‌తో సహా.

మిర్యాలగూడ మెడికల్స్:
కెమెరా ఉన్నది అన్నా, ఏమీ కనపడతలేదు. అందరూ బిల్లు కొట్టే మందులు ఇస్తున్నరు. డిస్ట్రిబ్యూటర్ బిల్లులు నేనే దగ్గరుండి దించుకుంటా, ఎక్స్‌పైరీ సరుకు పక్కన అట్టపెట్టెలోనే ఉన్నది, పోలేదు.
సార్ అడిగిన దానికి: ఇద్దరు పిల్లగాళ్ళు పని చేస్తరు. మధ్యాహ్నం నేను అన్నానికి పోతే మా బామ్మర్ది కూసుంటడు, 2 నుంచి 4 దాకా. అందరికీ ఒకటే పాస్‌వర్డ్. రాత్రి గల్లా నేనే లెక్కిస్తా.

రిటైర్డ్ అకౌంటెంట్:
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉండాల్సింది బాబూ. సగం జవాబు ఇందులోనే ఉంది.

గల్లా సరిపోవడం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. పొద్దున చిల్లరకి 2,000 పెట్టారు. నగదు అమ్మకం 18,450. వాపసులకి ఇచ్చింది 1,240. టీలకి, ఆటోకి 150. అంటే రాత్రి 19,060 ఉండాలని కంప్యూటర్ చెప్తుంది, పెట్టెలో అంతే ఉంటుంది, మీరు హాయిగా తాళం వేస్తారు. కానీ ఆ 1,240 తీసుకున్న మనిషి నిజంగా వచ్చాడా? ఆ మందు అరలోకి తిరిగి వచ్చిందా? అది గల్లా చెప్పదు. ఎవరైనా పొద్దున అమ్మిన బిల్లుని మధ్యాహ్నం వాపసు వేసి డబ్బు జేబులో వేసుకుంటే, కంప్యూటరే ఆ డబ్బుని లెక్కలోంచి తీసేస్తుంది. గల్లా పైసాతో సహా సరిపోతుంది. సరుకు మాత్రం అరలో ఉన్నట్టు కాగితం మీద మిగులుతుంది. మీ 52,000 అలాంటిది కావచ్చు. కాకపోనూ వచ్చు.

పోయిన నెల వాపసులన్నీ తియ్యండి. తేదీ, టైమ్, పాత బిల్లు ఎప్పటిది, పూర్తి బిల్లా కొన్ని మందులేనా, నగదా ఫోన్‌పేనా, పేషెంట్ ఫోన్ నంబర్ ఉందా. ఈ ఆరు విషయాలు చాలు.

గుంటూరు ట్యాక్స్ కన్సల్టెంట్:
ముందు మాటలు సరిగ్గా వాడదాం. వాపసు వేరు, బిల్లు క్యాన్సిల్ వేరు, బిల్లు ఎడిట్ వేరు. ఎడిట్ అంటే ఐదు స్ట్రిప్పుల బిల్లుని రెండుకి దించడం. ఎడిట్ జరిగితే వాపసు రిపోర్ట్‌లో ఏమీ కనపడదు. ఇంకో సంగతి, ఇప్పుడు ప్రతి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ ఉండటం చట్టప్రకారం తప్పనిసరి, ఆపడానికి కూడా వీల్లేకుండా ఉండాలి. మీది అలాంటిది కాకపోతే మీరే తప్పులో ఉన్నట్టు.

రిటైర్డ్ అకౌంటెంట్:
ఎడిట్ సంగతి మీరన్నది నిజం, అదీ చూడాలి. చట్టం విషయం మాత్రం సగమే నిజం. 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఆ నిబంధన కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన కంపెనీలకి. సొంత పేరు మీద నడిచే మెడికల్ షాపుకి అది వర్తించదు. ఆయన్ని అనవసరంగా భయపెట్టకండి. అయితే జీఎస్టీ కింద బిల్లు నంబర్లు వరసగా ఉండాలన్న నియమం ఉంది, అది మనకి బాగా పనికొస్తుంది. 4512 తర్వాత 4514 ఉంటే 4513 ఏమైందని అడగొచ్చు.

గుంటూరు ట్యాక్స్ కన్సల్టెంట్:
కంపెనీలకే అని నాకూ తెలుసండి. కానీ మంచి పద్ధతి అందరికీ మంచిదే కదా. చెప్పడం తప్పా?

రిటైర్డ్ అకౌంటెంట్:
మంచిదే. తప్పనిసరి అన్నారు, అందుకే సరిచేశాను.

విజయనగరం టిఫిన్స్:
మాకూ ఇలాగే జరిగిందండి. మా క్యూఆర్ కోడ్ మీద ఎవడో వాడి స్టిక్కర్ అంటించేశాడు. రెండ్రోజులు ఇడ్లీల డబ్బులు వాడికే పోయాయి. స్పీకర్ పలకట్లేదని కస్టమరే చెప్తే గాని తెలీలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే నా ఫోన్‌తో ఒక్క రూపాయి కొట్టి పేరు చూస్తా. మీరు కూడా స్కానర్ చూసుకోండి.

బోధన్ నుంచి:
ఆయనకు పోయేది సరుకు.

మిర్యాలగూడ మెడికల్స్:
రిపోర్ట్ తీసిన. పోయిన నెల 38 వాపసులు. అందులో 21 మధ్యాహ్నం 2 నుంచి 4 లోపల. ఆ 21 కూడా నగదు బిల్లులే, పూర్తి బిల్లులే, ఎవ్వరి ఫోన్ నంబర్ లేదు. మొత్తం 14,860. కొన్నయితే బిల్లు కొట్టిన 20 నిమిషాలకే వాపసు. చేతులు వణుకుతున్నయ్ సార్.

రిటైర్డ్ అకౌంటెంట్:
తొందరపడి ఎవర్నీ ఏమీ అనకండి. పాస్‌వర్డ్ ఒకటే కాబట్టి ఆ టైమ్‌లో ఆ సీట్లో ఎవరున్నారన్నది కంప్యూటర్ చెప్పదు. ముగ్గురూ ఉంటారు అప్పుడు.

మీరు చెప్పిన వివరాలు మాత్రం అసలు వాపసుల్లా లేవు. నిజంగా మందు తిప్పి ఇచ్చే మనిషి రెండు మూడు రోజులకో వారానికో వస్తాడు, డాక్టర్ మార్చాడనో పేషెంట్‌కి తగ్గిందనో. పది మందుల్లో రెండు ఇస్తాడు గాని బిల్లు మొత్తం ఇవ్వడు. ఫోన్‌పే చేసినవాళ్ళలోనూ కొందరు తిప్పి ఇస్తారు. ఒక్కటి కూడా ఫోన్‌పే లేకుండా 21 నగదు బిల్లులా?

ఆ జాబితాలో ఖరీదైన మందులు పది ఎంచుకుని ఇప్పుడే అరలో లెక్కపెట్టండి. ఎన్ని తక్కువొచ్చాయో, ఎన్ని వాపసు వేశారో పక్కపక్కన రాయండి. ఇంకొకటి, మీరు ఇన్సులిన్ వాపసు తీసుకుంటారా?

మిర్యాలగూడ మెడికల్స్:
ఇన్సులిన్ ఎట్ల తీసుకుంటం సార్, ఫ్రిజ్ మందు బయటికి పోతే మళ్ళ అమ్మరాదు. బోర్డు కూడా పెట్టిన.
కానీ లిస్ట్‌లో రెండు ఉన్నయ్. 2:15కు ఒకటి, ఇంకో రోజు 3:05కు.

మిర్యాలగూడ మెడికల్స్:
లెక్క పెట్టిన. షుగర్ చూసే స్ట్రిప్పుల డబ్బాలు: పోయిన నెల మొదట్ల 14 ఉండె, 20 వచ్చినయ్, 23 అమ్మినం, 4 వాపసు. కంప్యూటర్ల 15 ఉండాలి. అరల 11. ఇన్సులిన్ 2 తక్కువ, వాపసు కూడా 2. పది మందులల్ల ఏడింటికి ఎన్ని వాపసో అన్నే తక్కువ. మిగతా మూడు కలువలేదు, ప్రోటీన్ పౌడర్ అయితే వాపసే లేదు, అయినా 3 డబ్బాలు తక్కువ.

రిటైర్డ్ అకౌంటెంట్:
ఆ ఏడూ వాపసు దారిన పోయాయి. ఇక సందేహం అక్కర్లేదు. ప్రోటీన్ పౌడర్ వేరు. బిల్లు కొట్టకుండా అమ్మి ఉంటారు, లేదా డబ్బాయే బయటికి పోయి ఉంటుంది. దానికి కంప్యూటర్‌లో జాడ ఉండదు, రోజూ లెక్కపెట్టుకోవడమే.

రేపటి నుంచి ఇలా చెయ్యండి. ముగ్గురికీ వేరే వేరే లాగిన్‌లు ఇవ్వండి, వాటిలో వాపసు, ఎడిట్, డిలీట్ మూసెయ్యండి. ఆ మూడూ మీ లాగిన్‌లోనే ఉండాలి, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో కూడా చెప్పొద్దు. మధ్యాహ్నం ఎవరైనా మందు తిప్పి ఇస్తే పాత బిల్లు, మందు కలిపి కవర్లో పెట్టి, ఫోన్ నంబర్ రాసుకుని, సాయంత్రం రమ్మనాలి. మీరు వచ్చి మందు కళ్ళతో చూశాకే ఎంట్రీ. వారానికి ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి ‘డబ్బు అందిందా అండీ’ అని అడగండి.

సీటు మారేటప్పుడు గల్లా లెక్కించాలి. 2 గంటలకి కూర్చునేవాడు నోట్లు లెక్కపెట్టి, ఐదొందలవి ఎన్ని, వందలవి ఎన్ని అని చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. కంప్యూటర్ ఎంత చూపిస్తోందో చూడకముందే రాయాలి. చూశాక రాస్తే అందరికీ ఆ అంకే వస్తుంది. ఖరీదైన పది రకాలు రోజూ రాత్రి లెక్కపెట్టండి, పది నిమిషాల పని.

తెనాలి ఏజెన్సీస్:
మందు తిప్పి ఇచ్చేవాణ్ణి సాయంత్రం రమ్మంటే మళ్ళీ మన షాపుకి రాడండి. పక్క షాపుకి పోతాడు. పల్లెటూరి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళ సంగతేంటి?

రిటైర్డ్ అకౌంటెంట్:
అది నిజమే. అలాంటివాళ్ళకి షాపులోంచి మీకు ఫోన్ చేయించండి, మీరే పేషెంట్‌తో మాట్లాడి ఒప్పుకుంటే కాగితం మీద రాసి డబ్బిచ్చెయ్యాలి, ఎంట్రీ మాత్రం మీరొచ్చాకే. పూర్తిగా ఇబ్బంది లేకుండా మాత్రం కుదరదు.

కిరాణా బ్రదర్:
ఆ 21 టైమ్‌లకి కెమెరా రికార్డింగ్ చూడన్నా. వాపసు టైమ్‌కి కౌంటర్ ముందు మనిషి ఉన్నాడా లేడా, అంతే చూడాలి. పాతది చెరిగిపోకముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. పిల్లల జీతాల్లో కోసెయ్, దారికొస్తారు.

బోధన్ నుంచి:
ఎవరో తెలియకుండ జీతం కొయ్యకు. పని చేసేటోళ్ళు కాకపోవచ్చు.

మిర్యాలగూడ మెడికల్స్:
కెమెరాల 12 రోజులదే ఉన్నది. అందుల మూడు వాపసులు చూసిన. మూడింటికీ కౌంటర్ ముందల ఎవ్వరు లేరు. కుర్చీల ఎవరున్నరో చూసిన.
ఇంట్ల మాట్లాడాలె. పాస్‌వర్డ్‌లు మార్చిన. థాంక్స్ సార్, థాంక్స్ అన్నలూ.

విజయనగరం టిఫిన్స్:
మా దగ్గర టోకెన్ సిస్టమ్ అండి, బిల్లు ఎడిట్ ఉందో లేదో ఎలా చూడాలి? మెషీన్‌లో రిపోర్ట్ అని ఒక్కటే బటన్ ఉంది.