ఇంటి నుంచే వ్యాపారం: దేనికి కాగితాలు తక్కువ?

ఉప్పల్_స్వాతి: ఇంట్లోంచే ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నా. ట్యూషన్లు, చీరలు, పచ్చళ్లు అనుకున్నా. లైసెన్సుల తలనొప్పి తక్కువ నుంచి ఎక్కువకి వరస చెప్పండి. చీరలకైతే బెంగళూరులో చుట్టాలే కస్టమర్లు.

లెక్కల_రావు: తక్కువ నుంచి ఎక్కువకి వరస ఇదీ: ట్యూషన్లు, పచ్చళ్లు, చివర్లో బెంగళూరుకి పంపే చీరలు. ట్యూషన్లకి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ లేదు. ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రం పిల్లలకి చెప్పినా అంతే, అది సేవ కాబట్టి. పచ్చళ్లకి మొదటి సీసా అమ్మేముందే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఆన్‌లైన్‌లో అయిపోతుంది, అసలు పని లేబుల్‌తోనే: ఆ నంబరు, దినుసులు, తయారీ తేదీ, బరువు, ఎమ్మార్పీ.

బెజవాడ_బాబాయ్: చీరలకి 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదు, భయపడకండి.

లెక్కల_రావు: బాబాయ్, అది మీ ఆంధ్రలో. వస్తువులకి 40 లక్షలకి పెంచడాన్ని తెలంగాణ తీసుకోలేదు, ఇక్కడ 20 లక్షలే. స్వాతిగారి చిక్కు అది కూడా కాదు. నెలకి 60 వేలు అమ్మినా ఏడాదికి 7 లక్షల 20 వేలే. కానీ బెంగళూరుకి ఒక్క చీర అమ్మి కొరియర్ చేసినా అది అంతర్రాష్ట్ర అమ్మకం, పరిమితితో పనిలేకుండా ముందే జీఎస్టీ తీసుకోవాలి.

బెజవాడ_బాబాయ్: చుట్టాలకి ఇచ్చే చీరకి కూడానా? మా ఆవిడ ఎన్నేళ్లనుంచో పంపుతోంది, ఎవడూ అడగలేదు.

లెక్కల_రావు: అడగకపోవడం వేరు, అక్కర్లేకపోవడం వేరు.

టైలర్_అక్క: నా దగ్గర ఓ ఏజెంటు చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్‌కి 3,000 గుంజాడు. అది ఉచితమని తర్వాత తెలిసింది. ముందు ఏజెంట్ల దగ్గరికి పోకమ్మా.

బెజవాడ_బాబాయ్: రావుగారూ, మీలాంటోళ్లు భయపెట్టబట్టే జనం ఏమీ మొదలుపెట్టరు!

అబిడ్స్_శీను: భయపెట్టడమేముంది బాబాయ్? జీఎస్టీ లేక నాకో ఆఫీసు దీపావళి ఆర్డర్ పోయింది, బిల్లు కావాలన్నారు. మొదటి రోజే తీసుకుంటే సరిపోయేది. ఈమె కాగితాలు తప్పించుకుంటే ఎప్పటికీ చుట్టాలకే అమ్ముకోవాలి.

లెక్కల_రావు: శీనూ, తీసుకున్నాక అమ్మకం సున్నా అయినా రిటర్న్ వేయాలి. మర్చిపోతే రోజుకి 20 రూపాయల చొప్పున లేటు ఫీజు. ఆమె అడిగింది తేలికైన మొదలు, పెద్ద వ్యాపారం కాదు.

అబిడ్స్_శీను: తేలికగా మొదలవడం, తేలికగా నడవడం ఒకటేనా? అదే నా గొడవ.

ఉప్పల్_స్వాతి: మరి చీరలు హైదరాబాద్‌లోనే అమ్మితే?

లెక్కల_రావు: 20 లక్షలలోపు అయితే జీఎస్టీ అక్కర్లేదు. ఇంట్లో కాక షాపు పెడితే మాత్రం జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్స్ సంగతి చూడాలి.

బెజవాడ_బాబాయ్: బెంగళూరు చుట్టాల్నే హైదరాబాద్ రమ్మంటే సరి.