రెండో వారం చర్చ: అమ్మకి రిపోర్టు సంగతి చెప్పాలా?

సమన్వయకర్త: నమస్కారమండీ. మన సంఘం పుస్తక బృందానికి నాలుగు వారాలూ ఖరారయ్యాయి. రెండో వారం, 'అబద్ధం' దగ్గరే ఆగాం. పన్నెండు మంది, గంటన్నర సమయం. "మంచి కోసం అబద్ధం ఆడొచ్చా?" అని అడిగితే చాలా?

చర్చ నడిపే అక్క: ఆ ప్రశ్న వద్దండీ. అందరూ "సందర్భాన్ని బట్టి" అంటారు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. సందర్భం మనమే ఇద్దాం. డెబ్బై ఏళ్ల అమ్మ. క్యాన్సర్ అని పిల్లలకు తెలిసింది. "రిపోర్టు ఏమైంది?" అని ఆవిడ అడిగింది. "ఇంకా రాలేదు" అని కొడుకు చెప్పాడు. ఇది చదివి, మాట్లాడకుండా మూడు నిమిషాలు ఎవరి తీర్పు వాళ్లు రాసుకోవాలి. రాయించకపోతే మొదట మాట్లాడినవారి వెనకే అందరూ నడుస్తారు.

కొత్తగా చేరిన తమ్ముడు: ముందు సిద్ధాంతం చెబితే బాగుంటుందేమో అక్కా? ప్రాణం మీదికొస్తే బొంకవచ్చని ధర్మరాజు చెప్పాడు కదా. జర్మన్ తత్వవేత్త కాంట్ అయితే అసలు ఆడకూడదన్నాడు.

చర్చ నడిపే అక్క: కాంట్ మాట నిజమే తమ్ముడూ. స్నేహితుణ్ణి చంపడానికి వచ్చినవాడికి కూడా అబద్ధం చెప్పకూడదని 1797లో రాశాడు. బొంకవచ్చనే ఆ పద్యం మాత్రం ధర్మరాజుది కాదు, పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెప్పింది. బలి ఆ సలహా వినలేదు కూడా. అయితే ఇవి చివర్లో తీద్దాం. ముందే తెస్తే పెద్దల పేర్ల చాటున దాక్కుంటాం, మన తీర్పు బయటికి రాదు.

రాశాక ఒక్కో వివరమే మార్చాలి. ఆవిడ అడగనే లేదు అనుకుందాం. తర్వాత, "చెడు కబురైతే నాకు చెప్పొద్దు" అని ఆవిడే ముందు అన్నది అనుకుందాం. ఆఖర్న, వచ్చే వారం ఆవిడ ఇల్లు అమ్మే కాగితం మీద సంతకం పెట్టబోతోంది అనుకుందాం. ఎక్కడ ఎవరి తీర్పు మారిందో అక్కడే ఆగి, ఎందుకని అడగాలి. రెండు వివరాలు ఒకేసారి మార్చామా, మనసు ఏది మార్చిందో తేలదు.

హాలు చూసుకునే అన్నయ్య: మా నాన్నగారికి మేం చెప్పలేదు. ఆయన చివరి మూడు నెలలూ ప్రశాంతంగా ఉన్నారు. మేం చేసింది తప్పంటారా?

చర్చ నడిపే అక్క: తప్పని ఎవరూ అనరన్నయ్యా. ఆ రోజు కూడా ఇలాంటి కథ తప్పకుండా ఒకటి వస్తుంది. వస్తే దాని మీద తీర్పు అడగకూడదు. "నాన్నగారు ఎప్పుడైనా అడిగారా?" అని మాత్రం అడగొచ్చు.

హాలు చూసుకునే అన్నయ్య: ఒకసారి అడిగారు. నేను మాట మార్చాను.

సమన్వయకర్త: సొంత కథలు చెప్పొద్దని ముందే అందామా?

చర్చ నడిపే అక్క: అనొద్దు. అలా అంటే ఇది వట్టి లెక్కలా మిగిలిపోతుంది.

కొత్తగా చేరిన తమ్ముడు: నాకు భయంగా ఉందక్కా. ఎవరైనా ఏడిస్తే?

సమన్వయకర్త: దీని గురించి గురువారం ఫోన్లో మాట్లాడుకుందాం. రాసుకోవడానికి కార్డులు నేను తెస్తాను.