ప్రాజెక్టులకు మార్కులు వేశాం, రెండింటికే బడ్జెట్ అయిపోయింది. తప్పు ఎక్కడ?

పటాన్‌చెరు_ఫైనాన్స్
అందరికీ నమస్కారం. మాది మధ్యతరహా ఫుడ్ ప్రాసెసింగ్ కంపెనీ. వచ్చే ఏడాది కొత్త ప్రాజెక్టులకు 6 కోట్లు ఇచ్చారు. మురుగునీటి శుద్ధి ప్లాంటు మరమ్మతు ఎలాగూ తప్పదు కాబట్టి దానికి 1 కోటి పక్కన పెట్టాం. మిగిలిన 500 లక్షలకు ఐదు ప్రతిపాదనలు పోటీ పడుతున్నాయి. ఏటా వచ్చే లాభం, కస్టమర్ ఫిర్యాదుల తగ్గుదల, రిస్క్, ఖర్చు అని నాలుగు అంశాలు పెట్టుకుని, వెయిటేజీలు ఇచ్చి మార్కులు వేశాం. పై నుంచి వరుసగా తీసుకుంటే ప్యాకింగ్ లైన్ (320), ఈఆర్‌పీ (180) తోనే డబ్బు సరిపోయింది. క్వాలిటీ ల్యాబ్ (120), సోలార్ (190), గోడౌన్ బార్‌కోడ్ (50) మూడూ పోయాయి. 50 లక్షల పని కూడా చేయలేకపోవడం ఎవరికీ మింగుడుపడట్లేదు. అన్నీ లక్షల్లోనే రాశాను.

విశాఖ_సివిల్
మా దగ్గర 70:30 పద్ధతి ఉందండి. టెక్నికల్‌కు 70, ధరకు 30. తక్కువ ధర వేసినవాళ్లకు ధరలో 100 మార్కులు, మిగతావాళ్లకు ఆ నిష్పత్తిలో. రెండూ కలిపి ఎక్కువ వచ్చినవాళ్లకు పని. మీరూ అలా చేస్తే గొడవ ఉండదు.

పాత_ప్లానర్
విశాఖ_సివిల్ గారూ, మీరు చెప్పేది టెండరు. అక్కడ పని ఒకటే, దానికి ఒక్కరినే ఎంచుకోవాలి. కాబట్టి ధరకూ మార్కులు వేయడం సబబే. ఇక్కడ ఐదు వేర్వేరు పనుల్లో ఏవి కలిపితే 500 లక్షల్లో ఎక్కువ మేలు జరుగుతుందన్నది ప్రశ్న. ఒకటి తీసుకున్నంత మాత్రాన ఇంకోటి ఓడిపోవాలని లేదు.

పటాన్‌చెరు గారూ, మీరు ఖర్చును రెండుసార్లు లెక్కేస్తున్నారు. మార్కుల్లో ఒకసారి, బడ్జెట్ దగ్గర గీత గీసేటప్పుడు మళ్లీ ఒకసారి. మార్కుల్లోంచి ఖర్చు తీసేయండి. మార్కులు మేలును మాత్రమే చెప్పాలి, ఖర్చు పక్క కాలమ్‌లో ఉండాలి. అలా మళ్లీ వేసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

పటాన్‌చెరు_ఫైనాన్స్
ఖర్చు తీసేసి, లాభానికి 50, ఫిర్యాదులకు 30, రిస్క్‌కు 20 వెయిటేజీతో మళ్లీ వేశాం. ప్యాకింగ్ లైన్ 80, ఈఆర్‌పీ 72, ల్యాబ్ 60, సోలార్ 54, బార్‌కోడ్ 45. వరుస మారలేదండి.

కూకట్‌పల్లి_పీఎం
సింపుల్. మార్కులను ఖర్చుతో భాగించి ఆ వరుసలో తీసుకోండి. లక్షకు బార్‌కోడ్ 0.9, ల్యాబ్ 0.5, ఈఆర్‌పీ 0.4, సోలార్ 0.28, ప్యాకింగ్ 0.25. పై మూడూ తీసుకుంటే 350 లక్షలకు 177 మార్కులు. మీ పాత ఎంపికలో 500 లక్షలకు 152 మార్కులే. ఇంకేం కావాలి?

పాత_ప్లానర్
152 కంటే బాగుంది, నిజమే. కానీ 150 లక్షలు ఊరికే మిగిలిపోయాయి చూడండి. తర్వాతి వరుసలో ఉన్న సోలార్‌కు 190 కావాలి, పట్టదు. ప్రాజెక్టులు పెద్ద ముక్కలుగా ఉన్నప్పుడు భాగహారం వరుస ఇలాగే మధ్యలో ఆగిపోతుంది. అందుకని జతలు కట్టి చూడాలి. ఐదు ప్రాజెక్టులకు మొత్తం 32 కలయికలే, ఎక్సెల్‌లో చేసేయొచ్చు. B లో మార్కులు, C లో ఖర్చు, D లో 0 లేదా 1:

```
=SUMPRODUCT(B2:B6,D2:D6)
=SUMPRODUCT(C2:C6,D2:D6)
```

మొదటిది గరిష్ఠం కావాలి, రెండోది 500 దాటకూడదు. ప్రాజెక్టులు ఇరవై దాటితే సాల్వర్‌లో D కాలమ్‌కు `bin` షరతు పెట్టండి.

మీ అంకెలతో చూస్తే ఈఆర్‌పీ, ల్యాబ్, సోలార్ కలిపి 490 లక్షలకు 186. ప్యాకింగ్, ల్యాబ్, బార్‌కోడ్ కలిపినా 490 లక్షలే, 185. ఈ ఒక్క మార్కు తేడాను పట్టుకుని ఏదీ తేల్చకండి. ఎవరో ఒకరు ఒక అంశానికి 6 బదులు 7 వేస్తే అది తిరగబడుతుంది.

నెల్లూరు_సోలార్
సోలార్‌ను అలా గంపగుత్తగా ఎందుకు చూస్తున్నారు? ప్యానెళ్లు ముక్కలుగా పెట్టుకునేవే కదా. మేం మా రైస్‌మిల్లు మీద సగం కెపాసిటీ ముందు పెట్టి, మిగతాది మూడేళ్ల తర్వాత వేశాం. 190ని 150కి తగ్గిస్తే మేలు కూడా దాదాపు అదే పాళ్లలో తగ్గుతుంది. 54 కాస్తా 43 అవుతుంది. అప్పుడు ఈఆర్‌పీ, ల్యాబ్, బార్‌కోడ్, సోలార్ నాలుగూ సరిగ్గా 500కి పడతాయి. మొత్తం 220. పైగా డెవలపరే పెట్టుబడి పెట్టి యూనిట్‌కు ఇంతని తీసుకునే పద్ధతిలో వెళ్తే మీ బడ్జెట్‌లోంచి ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు.

పటాన్‌చెరు_ఫైనాన్స్
ఇది మాకు తట్టనే లేదు. ఫారంలో ఒక్కో ప్రాజెక్టుకు ఒక్క అంకె ఖర్చే అడిగాం.

పాత_ప్లానర్
తగ్గించగలిగినవాటికి రెండు సైజులు అడగడం మంచి పని. కానీ 220 చూసి సంతోషించే ముందు ఒక్కటి చెప్పండి. లాభానికి 10కి 10 ఎవరికిచ్చారు? ఎంత లాభముంటే 10?

పటాన్‌చెరు_ఫైనాన్స్
ఏడాదికి 50 లక్షలు దాటితే 10. 25 నుంచి 50 దాకా 6. అంతకంటే తక్కువైతే 3. ప్యాకింగ్ లైన్ అంచనా 140 లక్షలు, ఈఆర్‌పీ 56, సోలార్ 42, ల్యాబ్ 28, బార్‌కోడ్ 14.

పాత_ప్లానర్
అసలు చిక్కు ఇక్కడుంది. 140 లక్షలు తెచ్చేదానికీ 56 తెచ్చేదానికీ ఒకే 10. వరుస పెట్టడానికే అయితే ఇలాంటి స్లాబులు పెద్దగా హాని చేయవు. కానీ మనం ఇప్పుడు మార్కులను కూడుతున్నాం, భాగిస్తున్నాం. అలా చేయాలంటే రెట్టింపు మేలుకు రెట్టింపు మార్కులు పడాలి, సున్నా అంటే మేలేమీ లేదని అర్థం కావాలి. లేకపోతే చిన్న ప్రాజెక్టులు నాలుగు కలిసి పెద్దదాన్ని ఎప్పుడూ ఓడిస్తాయి.

140ని 10 అనుకుంటే ఈఆర్‌పీకి 4, సోలార్‌కు 3, ల్యాబ్‌కు 2, బార్‌కోడ్‌కు 1 వస్తాయి. వెయిటేజీ 50 కాబట్టి ఒక్కోదాన్ని 5తో గుణించండి. మిగతా రెండు అంశాలను అలాగే ఉంచితే ప్యాకింగ్ 80, ఈఆర్‌పీ 42, ల్యాబ్ 40, సోలార్ 39, బార్‌కోడ్ 35. ఇప్పుడు ప్యాకింగ్, ల్యాబ్, బార్‌కోడ్ కలిపితే 155. సోలార్ తగ్గించి కట్టిన ఆ నాలుగింటి జత 148కి పడిపోయింది. మీ మొదటి జాబితాలోని ప్యాకింగ్, ఈఆర్‌పీ జత 122 మాత్రమే. ఫిర్యాదుల మార్కులను కూడా ఇలాగే, ఏడాదికి ఎన్ని తగ్గుతాయో రాయించి సరిచేయండి. అక్కడ ఎవరో నోటిమాటగా 9 వేసి ఉంటారని నా అనుమానం.

కూకట్‌పల్లి_పీఎం
ఒప్పుకుంటున్నాను. మా దగ్గరైతే ప్రాజెక్టు అడిగినవాళ్లే మార్కులు వేసుకుంటారు. నిరుడు పద్నాలుగు ప్రతిపాదనల్లో పదకొండు 78, 85 మధ్యే వచ్చాయి. అలాంటప్పుడు వెయిటేజీల గురించి ఎంత కొట్టుకున్నా ఫలితం మారదు. ఈసారి ఒక్కోదానికి వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇద్దరు విడివిడిగా వేస్తున్నారు. ఇద్దరి మధ్య 3 కంటే ఎక్కువ తేడా వచ్చిన చోట మాత్రమే కూర్చుని మాట్లాడుకుంటున్నాం.

పటాన్‌చెరు_ఫైనాన్స్
155 జత మా జీఎం గారికి చూపించాను, నచ్చింది. కానీ ఐటీ హెడ్ ఒప్పుకోవట్లేదు. ఇప్పుడున్న ఈఆర్‌పీ వెర్షన్‌కు రెండేళ్లలో సపోర్ట్ ఆగిపోతుందట. కాబట్టి దాన్ని శుద్ధి ప్లాంటులాగే తప్పనిసరి కింద తీసేయమంటున్నారు. అలా చేస్తే మిగిలేది 320. జీఎం గారికి నచ్చిన ప్యాకింగ్ లైన్ ఉంచుకుంటే అది మొత్తం దానికే పోతుంది, మళ్లీ మొదటికొస్తాం.

పాత_ప్లానర్
ఈ ఏడాదే మొదలుపెట్టకపోతే ఆ తేదీకి పూర్తి కాదని తేలితే అది తప్పనిసరే. లేకపోతే రిస్క్ అంశంలో మార్కులు పెంచి పోటీలోనే ఉంచండి.

కూకట్‌పల్లి_పీఎం
నేను ఒప్పుకోనండి. ఒక్కరికి ఆ తలుపు తీస్తే అందరూ అదే తలుపు దగ్గరికొస్తారు. మా దగ్గర తొమ్మిదింట్లో ఐదు తప్పనిసరి అయి కూర్చున్నాయి, మార్కులు వేయడానికి మిగిలింది నాలుగే.

పటాన్‌చెరు_ఫైనాన్స్
సపోర్ట్ ఆగే తేదీని వెండర్ నుంచి రాతపూర్వకంగా తెమ్మని ఐటీ హెడ్‌ను అడిగాను. మారడానికి ఎన్ని నెలలు పడుతుందో కూడా అందులోనే రాయించమన్నాను. సోమవారం ఇస్తామన్నారు. వచ్చాక ఇక్కడే పెడతాను.